ముందు ఆడేవాడిదేనా గెలుపు?



అరుగు మీద సుద్దముక్కతో గీసుకుని ఆడే దాడి ఆట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒకదానిలో ఒకటిగా మూడు చతురస్రాలు, వాటిని కలిపే నాలుగు గీతలు, రాళ్ళు పెట్టడానికి 24 చోట్లు. చెరి 9 రాళ్ళు. ఊరిని బట్టి రాళ్ళ లెక్క మారుతుందిగానీ, ఆట మొదలయ్యే ముందు వచ్చే తగవు మాత్రం ఎక్కడైనా ఒకటే: "నేను ముందంటే నేను ముందు!" నిజంగా ముందు ఆడితే లాభముందా? ఈ ప్రశ్నకు 1993లో స్విట్జర్లాండ్‌లో రాల్ఫ్ గాసర్ అనే ఆయన కంప్యూటర్ సాయంతో జవాబు తేల్చాడు. చెరి 9 రాళ్ళ దాడిలో ఇద్దరూ ఒక్క పొరపాటూ చేయకుండా ఆడితే ఎవరూ గెలవరు. అంటే ఆ తగవంతా వృథా అన్నమాట.

అయితే దాడి ఆట మనకు పెద్దల నుంచి వచ్చింది. మనమే ఒక కొత్త ఆట కట్టాలనుకుంటే ఈ ముందు-వెనకల సంగతి ఎలా తేల్చుకోవాలన్నది ఇవాళ్టి ప్రసంగ విషయం. నేను చెప్పేది పాచికలూ పేకముక్కలూ లేని ఆటల గురించి. గళ్ళ పటం ఉంటుంది, ఇద్దరు ఆడతారు, ఇద్దరికీ అంతా ఎదురుగానే కనిపిస్తుంటుంది. పందెం పడలేదనో, ముక్క రాలేదనో అనడానికి వీల్లేదు. ఇద్దరికీ ఒకే నియమాలు, ఒకే ఖాళీ పటం. ఇక ఇద్దరి మధ్య తేడా అంటూ ఉంటే అది ఎవరు ముందు ఆడారన్న ఒక్క విషయంలోనే. అందుకే ఆట కట్టేవాడికి ఇది ఇంత పెద్ద బెడద.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళదాం. దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి. పాత శుభలేఖ ఒకటి దొరికితే ఇంకా మంచిది. ఆ అట్టను సరిగ్గా రెండు గళ్ళు కప్పే ముక్కలుగా కత్తిరించుకోండి. మొదటి నియమం: వంతులవారీగా ఒక్కొక్కరు ఒక ముక్క పెట్టాలి, అది పక్కపక్కనున్న రెండు ఖాళీ గళ్ళను కప్పాలి. రెండో నియమం: తన వంతు వచ్చినప్పుడు ముక్క పెట్టడానికి చోటు లేనివాడు ఓడిపోతాడు. అంతే, ఆట తయారు. రెండే నియమాలు, ఐదేళ్ళ పిల్లాడికి కూడా అర్థమవుతాయి. పైగా ఇందులో సమంగా ముగియడమనేది లేదు. ముక్క పడినకొద్దీ చోటు తగ్గుతుంది కాబట్టి ఎవరో ఒకరికి దారి మూసుకుపోక తప్పదు.

ఈ ఆటను నేను మా మేనకోడలికీ, వాళ్ళ తమ్ముడికీ ఇచ్చాను. వాళ్ళది పామర్రు. వేసవి సెలవులు, ఎండకు బయటికి వెళ్ళే వీల్లేదు. నాలుగు నాలుగుల పదహారు గళ్ళ పటం. తమ్ముడు పట్టుబట్టి ముందు ఆడాడు, ఓడిపోయాడు. మళ్ళీ ముందు ఆడాడు, మళ్ళీ ఓడిపోయాడు. కాసేపటికి లోపలినుంచి కేకలు వినిపించాయి.

"అక్కా, నువ్వు నన్ను కాపీ కొడుతున్నావు!"

"కొడితే ఏంట్రా? రూల్సులో వద్దని లేదుగా!"

పిల్ల చేస్తున్న పని ఇది. తమ్ముడు పటానికి ఎడమ పైమూల ముక్క పెడితే, తను కుడి కిందిమూల సరిగ్గా అదే తీరున పెడుతోంది. అంటే పటాన్ని సగం చుట్టు తిప్పితే తమ్ముడి ముక్క ఎక్కడికి వస్తుందో అక్కడ. పదహారు గళ్ళ పటానికి సరిగ్గా నడిమధ్య ఉండేది గడి కాదు, గీతలు కలిసే చోటు. అందువల్ల ఎవరి ముక్కా దాని సొంత ప్రతిబింబం మీద పడదు. తమ్ముడికి చోటు దొరికిందంటే అక్కకూ ఎదురుగా చోటు ఉన్నట్టే. కాబట్టి మొదట చోటు అయిపోయేది ఎప్పుడూ తమ్ముడికే. రెండు వైపులా గళ్ళు సరిసంఖ్యలో ఉంటే, పటం ఎంత పెద్దదైనా, రెండోవాడు ఆలోచించకుండానే గెలుస్తాడు.

సరే, నాలుగుకు ఐదు పటం తీసుకుంటే? ఇప్పుడు నడిమధ్యన రెండు గళ్ళ నడుమ గీత ఉంటుంది. ముందు ఆడేవాడు ఆ రెండు గళ్ళనీ కప్పేసి, అక్కడినుంచి తానే ప్రతిబింబం ఆట మొదలుపెడతాడు. గెలుపు ఈసారి మొదటివాడిది. నా లెక్కలో ఈ ఆట ఇక్కడితో చచ్చిపోయినట్టే. రహస్యం తెలిసినవాడు తెలియనివాడిని ఒక సాయంత్రం ఏడిపించడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. అందుకని కొత్త ఆటకు పెట్టాల్సిన మొదటి పరీక్ష ఇదే: ఎదుటివాడిని అనుకరిస్తూ పోతే గెలుపు వస్తుందా? వస్తే మిగతా పరీక్షలు అనవసరం, నియమాన్నే మార్చాలి.

మార్పు చిన్నదే. ఒకరు ముక్కల్ని నిలువుగానే పెట్టాలి, రెండోవారు అడ్డంగానే పెట్టాలి. పటాన్ని సగం చుట్టు తిప్పినా నిలువు ముక్క నిలువుగానే ఉంటుంది కాబట్టి అడ్డంవాడు దాన్ని అనుకరించలేడు. ఆ రోగం ఒక్క వేటుతో పోయింది. ఇది నేను కనిపెట్టిన ఆటేమీ కాదు. దీన్ని యోరాన్ ఆండర్సన్ అనే స్వీడన్ దేశస్థుడు రూపొందించాడు, 1974లో మార్టిన్ గార్డ్‌నర్ తన పత్రికా శీర్షికలో పరిచయం చేశాడు, డామినీరింగ్ అనే పేరుతో గణితం వాళ్ళు దీని మీద చాలా పని చేశారు. కొత్త ఆట కట్టామని సంబరపడేముందు అది ఇదివరకే ఉందేమో చూసుకోవడం కూడా పనిలో భాగమే. నాకైతే ఉండటమే మేలైంది, సరిచూసుకోవడానికి జవాబులు దొరికాయి.

ఇప్పుడు మూడు మూడుల తొమ్మిది గళ్ళు గీయండి. అక్కది నిలువు, తమ్ముడిది అడ్డం, అక్క ముందు. ఆమె మొదటి ముక్కకు చోట్లు ఆరు: మూడు నిలువు వరసలు, ఒక్కో దాంట్లో పైన గానీ కింద గానీ. నడిమి వరసలో పై రెండు గళ్ళు కప్పిందనుకోండి. ఇక తమ్ముడికి పై అడ్డువరసలో చోటు లేదు, మధ్య అడ్డువరసలోనూ లేదు, ఎందుకంటే రెంటికీ నడిమి గడి పోయింది. మిగిలింది కింది వరస. అక్కడ ఎడమకు గానీ కుడికి గానీ ఒక ముక్క పెడతాడు. అక్కకు పక్క వరసల్లో ఇంకా చోటుంది, పెడుతుంది. తమ్ముడికి ఇక ఎక్కడా రెండు గళ్ళు అడ్డంగా దొరకవు. మూడు ముక్కల్లో ఆట ముగిసింది. తమ్ముడు ఎంత తెలివిగా ఆడినా ఇంతే.

అదే అక్క పొరపాటున ఎడమ వరసలో పై రెండు గళ్ళు కప్పిందనుకోండి. తమ్ముడు మధ్య అడ్డువరసలో మిగిలిన రెండు గళ్ళూ కప్పేస్తే సరి. పైన రెండు గళ్ళు, కింద మూడు గళ్ళు మిగులుతాయి, వాటి మధ్య గోడ. నిలువుగా రెండు గళ్ళు ఎక్కడా లేవు. అక్క అక్కడికక్కడే ఓడిపోతుంది. అంటే ఈ పటం మీద నడిమి వరసలో మొదలుపెడితే గెలుపు, అంచున మొదలుపెడితే ఓటమి. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

తొమ్మిది గళ్ళ ఆటలో ముందు ఆడేవాడిదే గెలుపని తేలింది. మరి ఆట సంగతి ఏమీ తెలియనివాళ్ళు ఆడితే? వంతు వచ్చినప్పుడల్లా, వీలైన చోట్లన్నిటికీ చీటీలు రాసి, వచ్చిన చీటీ ప్రకారం పెడుతూ పోయారనుకుందాం. చేత్తోనే లెక్కగట్టవచ్చు. మొదటివాడికి 36లో 25 వంతుల గెలుపు వస్తుంది, అంటే నూటికి 69. బాగా తెలిసినవాళ్ళు ఆడితే నూటికి నూరు. తెలివి పెరిగేకొద్దీ మొదటివాడి లాభం కూడా పెరుగుతోంది.

అన్ని ఆటల్లోనూ ఇలాగే జరుగుతుందని మాత్రం అనుకోవద్దు. మన పిల్లలు పుస్తకాల చివరి పేజీల్లో ఆడే ఇంటూ-సున్నా ఆటనే చూడండి. అందులో ఇద్దరూ చీటీలు తీసి ఆడితే మొదటివాడు నూటికి 58 ఆటలు గెలుస్తాడు, రెండోవాడు 29 గెలుస్తాడు, మిగతావి సమానం. ఒకటికి రెండింతల తేడా! కానీ ఆట తెలిసినవాళ్ళిద్దరు కూర్చుంటే ప్రతి ఆటా సమమే. అక్కడ తెలివి పెరిగేకొద్దీ తేడా కరిగిపోతుంది. అందువల్ల మీ ఆటను ఎవరు పరీక్షించారో చెప్పకుండా 'మొదటివాడికి ఇంత లాభం' అని ఒక అంకె చెబితే దానికి అర్థం లేదు. కొత్తవాళ్ళతో ఒకసారి, వారం పదిరోజులు ఆడి చేయి తిరిగాక అదే మనుషులతో మరోసారి చూడాలి. అంకె ఎటు కదులుతోందన్నదే అసలు సమాచారం.

ఇక ఎన్ని ఆటలు చూడాలి? ఇక్కడే చాలామంది తొందరపడతారు. పది ఆటలు ఆడించి, మొదటివాడు ఏడు గెలిచాడు కాబట్టి ఆట వంకరగా ఉందంటారు. ఏ పక్షపాతమూ లేని రూపాయి బిళ్ళను పదిసార్లు ఎగరేసినా, ఏడుకు మూడు లేదా అంతకన్నా ఎక్కువ తేడా ప్రతి మూడుసార్లలో ఒకసారి వస్తుంది. ఇరవై ఆటల్లో పదిహేను గెలిస్తే అప్పుడు అనుమానించడం న్యాయం, అలా ఊరికే రావడం నూటికి నాలుగుసార్లే. ఇవి పెద్ద తేడాలు. నూటికి 55 లాంటి చిన్న తేడా పట్టుకోవాలంటే 400 ఆటలు ఆడినా బొటాబొటిగానే తెలుస్తుంది. చదరంగంలో తెల్లపావులకు ఉన్న మొగ్గు సుమారు ఇంతే, నూటికి 54, 55 పాయింట్లు. లక్షల ఆటలు రాసిపెట్టి ఉన్నాయి కాబట్టి అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాం.

ఇంకో చిక్కు, అక్క తమ్ముడికన్నా గట్టి ఆటగత్తె. ఆమె ఎప్పుడూ ముందు ఆడి గెలుస్తుంటే అది వంతు గొప్పా, ఆమె గొప్పా? దీనికి విరుగుడు పోటీల నిర్వాహకులకు ఏనాడో తెలుసు. 2025 జులైలో బతూమీలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, దివ్యా దేశ్‌ముఖ్ తలపడినప్పుడు రెండు క్లాసికల్ ఆటల్లో చెరొకసారి తెల్లపావులు తీసుకున్నారు. రెండూ డ్రా అయితే ర్యాపిడ్‌లో తేలింది. మనమూ అలాగే ఆటల్ని జంటలుగా ఆడించాలి. ఒకే ఇద్దరు, వెంటవెంటనే రెండు ఆటలు, రెండో ఆటలో వంతు మార్పు. జంటలో రెండు ఆటలూ అక్కే గెలిస్తే అది అక్క బలం, దాన్ని పక్కన పెట్టండి. రెండు ఆటల్లోనూ ముందు ఆడినవారే గెలిస్తే అది వంతు బలం. రెండు ఆటల్లోనూ వెనక ఆడినవారు గెలిస్తే దాన్నీ రాసుకోండి. లెక్కలోకి వచ్చేవి ఈ చివరి రెండు రకాలే. నిలువు ఎవరిది, అడ్డం ఎవరిది అన్న బెంగ అక్కర్లేదు, చదరపు పటాన్ని పావు చుట్టు తిప్పితే నిలువే అడ్డమవుతుంది.

పటం సైజు మారిస్తే సరిపోతుందా అని మీరు అడగవచ్చు. ఈ ఆటలో అది తమాషాగా ఉంటుంది. రెండు రెళ్ళు, మూడు మూళ్ళు, నాలుగు నాలుగుల పటాల మీద గెలుపు ముందు ఆడేవాడిది. ఐదైదుల ఇరవై ఐదు గళ్ళ మీద మాత్రం రెండోవాడిది! మళ్ళీ ఆరు నుంచి మొదటివాడిదే. చదరంగం పటమంత ఎనిమిదెనిమిదుల మీద మొదటివాడు గెలుస్తాడని 2000లో నెదర్లాండ్స్ పరిశోధకులు కంప్యూటర్‌తో తేల్చారు. పదకొండు వరకూ ఇదే ఫలితమని ఆ తర్వాత తెలిసింది. పటాన్ని ఒక గడి పెంచడంతో ఫలితం తలకిందులైంది కాబట్టి, ఐదు గళ్ళ మీద చేసిన పరీక్ష ఆరు గళ్ళకు చెల్లదు.

అయితే ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. సమంగా ముగిసే వీల్లేని ఇలాంటి ఆటలో, ఏ పటం తీసుకున్నా, ఇద్దరిలో ఒకరికి తప్పనిసరి గెలుపు ఉండే తీరుతుంది. చివరి స్థితుల నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ వస్తే ప్రతి స్థితికీ గెలుపో ఓటమో రాసేయవచ్చు, ఖాళీ పటానికి కూడా. కాబట్టి నిజమైన సమానత్వం అనేది ఈ ఆటలో లేదు. ఆ గెలుపు దారిని మనిషి కంటికి అందనంత లోతున పెట్టడం ఒక్కటే ఆట కట్టేవాడు చేయగలిగింది.

అందుకు వాడే పాత ఉపాయం ఒకటుంది: బొబ్బట్టును ఒకరు విరిస్తే, ఏ సగం కావాలో రెండోవారు ఎంచుకోవడం. విరిచేవాడు సమంగా విరవక చస్తాడా! ఆటలో దాన్ని ఇలా పెడతాం. మొదటివాడు తొలి ముక్క పెట్టాక, రెండోవాడు దాన్ని చూసి, కావాలంటే "నీది నాకు" అనవచ్చు. అప్పుడు ఆ ముక్కా, ఆ దిక్కూ అతనివైపోతాయి, మొదటివాడు రెండో దిక్కు తీసుకుని తర్వాతి ముక్క పెడతాడు. షడ్భుజాల పటం మీద ఆడే హెక్స్ అనే ఆటలో ఈ మార్పిడి నియమం బాగా వాడుకలో ఉంది. గో ఆటలోనైతే పద్ధతి వేరు, అక్కడ స్కోరు ఉంటుంది కాబట్టి వెనక ఆడేవాడికి జపాన్‌లో ఆరున్నర పాయింట్లు ముందే ఇచ్చేస్తారు. మన ఆటలో పాయింట్లు లేవు, మార్పిడే దారి.

ఈ మందు మన తొమ్మిది గళ్ళ మీద పనిచేస్తుందా చూడండి. అక్క నడిమి వరసలో పెడితే తమ్ముడు "నీది నాకు" అంటాడు, గెలుస్తాడు. అంచున పెడితే మార్పిడి చేయకుండా మధ్య అడ్డువరసను మూసేస్తాడు, అప్పుడూ గెలుస్తాడు. ఇదివరకు మొదటివాడి చేతిలో ఉన్న గెలుపు మొత్తంగా రెండోవాడి చేతికి పోయింది! ఏ పటం మీదైనా సిద్ధాంతం ప్రకారం ఇంతే జరుగుతుంది, ఎందుకంటే ప్రతి తొలి ముక్కా గెలుపుదో ఓటమిదో అయి ఉంటుంది, ఏదో చూసి రెండోవాడు ఎంచుకుంటాడు. ఈ నియమం నిలబడేది ఏ తొలి ముక్క మంచిదో ఎవరికీ తెలియనంతవరకే.

కనుక ఈ నియమానికి పటం పెద్దదిగా ఉండాలి. ఎనిమిదెనిమిదుల మీద నిలువువాడి తొలి ముక్కకు 56 చోట్లున్నాయి. ఎడమ కుడి, పైన కింద ఒకటేనని కలిపేస్తే 16 రకాలు. ఈ పదహారింట్లో ఏది గెలుపుదో పిల్లలే కాదు, నేనూ పటం చూసి చెప్పలేను. మందు పనిచేస్తోందా లేదా అన్నది తెలుసుకోవడానికి గెలుపుల లెక్కతోపాటు మార్పిడుల లెక్క చూడండి. ఒక రకం తొలి ముక్కకు కొందరు మార్చుకుంటూ, కొందరు మార్చుకోకుండా ఉంటే ఆట బతికే ఉంది. ప్రతివాడూ ప్రతిసారీ ఒకే నిర్ణయం తీసుకోవడం మొదలైందంటే ఆ తొలి ముక్క గుట్టు బయటపడినట్టు. పదహారు రకాలూ అలా తేలిపోయిన రోజున పటం పెంచుకోవాలి, లేదా ఆట మార్చుకోవాలి.

కొండపల్లి వెళ్ళి అందమైన చెక్క ముక్కలు చేయించుకోవాలన్న ఉత్సాహం నాకూ ఉంది. కానీ అది చివర చేసే పని. ఈ సెలవుల్లో మీ ఇంట్లో ఎనిమిదెనిమిదుల పటం గీసి, శుభలేఖ ముక్కలతో, మార్పిడి నియమంతో జంట ఆటలు ఆడించండి. ఒక నోటుపుస్తకంలో ప్రతి ఆటకూ నాలుగు విషయాలే రాయండి: ముందు ఎవరు ఆడారు, తొలి ముక్క ఎక్కడ పెట్టారు, మార్చుకున్నారా లేదా, ఎవరు గెలిచారు. వంద ఆటలు నిండేదాకా ఎవరిది లాభమన్న మాట మాత్రం ఎత్తకండి.